సిమ్ము ‘పోయిందా’, పాడైందా? ఒక అర్జీలోని తిరకాసు

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. 2008 నుంచి ఆయనది ఒకటే ఫోను నంబరు. సరుకు తెచ్చే రైతుల్లో చాలామందికి కొట్టు పేరు గుర్తుండదు కానీ ఆయన నంబరు నోటికి వచ్చు. మార్చి నెలలో, యార్డుకు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, పోటెత్తే రోజుల్లో, ఒక ఉదయం ఆ సిమ్ము పనిచేయడం మానేసింది. బాబాయి తెల్లకాగితం మీద ఒక అర్జీ రాసుకుని బ్రాడీపేటలో ఉన్న ఆ కంపెనీ సేవాకేంద్రానికి వెళ్లారు. అందులో ఉన్నది ఒకటే వాక్యం: “అయ్యా, నా సిమ్ము పోయినందున అదే నంబరుతో డూప్లికేటు సిమ్ము ఇప్పించగలరని ప్రార్థన.”

కౌంటరులో ఉన్న అమ్మాయి అది చదివి, “పోలీసులకు ఫిర్యాదు చేసిన కాగితం తెచ్చారా సార్?” అని అడిగిందట.

“పోలీసులు ఎందుకమ్మా? సిమ్ము నా జేబులోనే ఉంది.”

“పోయిందని రాశారు కదా సార్.”

ఆ మధ్యాహ్నం బాబాయి ఆ అమ్మాయిని తిట్టుకుంటూ ఇంటికి వచ్చారు. నాకు మాత్రం ఆ అమ్మాయిలో తప్పేమీ కనిపించలేదు. మన భాషలో బల్బు పోతుంది, గొడుగూ పోతుంది. బల్బు పోయిందంటే మాడిపోయింది, గొడుగు పోయిందంటే ఎక్కడో మరిచిపోయాం లేదా ఎవరో పట్టుకుపోయారు. సిమ్ము రెండు రకాలుగానూ పోగలదు. మాట్లాడేటప్పుడు ఎదుటివాడు ముఖం చూసి అర్థం చేసుకుంటాడు, కాగితానికి ఆ సౌకర్యం లేదు. ఫోను కంపెనీకి ఈ రెండు ‘పోవడాలూ’ వేరువేరు వ్యవహారాలు. పోగొట్టుకున్న కార్డు ఎక్కడో ఒకరి చేతిలో ప్రాణంతో ఉండవచ్చు, దానితో ఎవరైనా ఓటీపీలు అందుకోవచ్చు. కాబట్టి ముందు దాన్ని ఆపాలి, పోయిందనడానికి ఒక ఆధారం అడగాలి. పాడైన కార్డు అలా కాదు. అది మీ దగ్గరే ఉంటుంది, దాన్ని కౌంటరు మీద పెట్టవచ్చు. అర్జీలో “పాడైంది, పాత కార్డు నా వద్దనే ఉంది, ఇప్పుడే అప్పగిస్తాను” అని రాసి ఉంటే పోలీసు కాగితం ఊసే వచ్చేది కాదు.

రెండో తిరకాసు ‘డూప్లికేటు’ అనే మాట. బజారులో డూప్లికేటు అంటే నకిలీ సరుకు, ఆఫీసులో డూప్లికేటు అంటే రెండో ప్రతి. సిమ్ము విషయంలో రెండూ నిజం కావు. అది ఎందుకో తెలిస్తే అర్జీలో ఏం రాయాలో, ఏం అడగడం దండగో కూడా తేలిపోతుంది.

మన ఫోను నంబరు సిమ్ములో ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండేది కంపెనీ ఖాతాలో. సిమ్ములో ఉండే వాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి, 15 అంకెల గుర్తింపు సంఖ్య. ఇది మన పది అంకెల నంబరు కాదు, నెట్‌వర్కు ఆ కార్డును పిలుచుకునే పేరు. రెండోది ఒక రహస్య తాళంచెవి, 128 బిట్ల సంఖ్య. ఇదే తాళంచెవికి జత కంపెనీ కేంద్రంలో ఉంటుంది. ఫోను నెట్‌వర్కులోకి వచ్చినప్పుడు అటు నుంచి ఏదో ఒక సంఖ్య వస్తుంది, సిమ్ము తన తాళంచెవితో లెక్కకట్టి జవాబు పంపుతుంది. అక్కడా అదే లెక్క కట్టి, రెండు జవాబులూ కలిస్తే లోపలికి రానిస్తారు. తాళంచెవి మాత్రం సిమ్ము దాటి ఎన్నడూ బయటికి రాదు. అలా రాకుండానే ఆ చిప్పును తయారు చేస్తారు.

కాబట్టి పాత సిమ్ముకు నకలు తీయడం కౌంటరులో ఎవరి తరమూ కాదు. కార్డు చచ్చిపోయాక అసలే కుదరదు. వాళ్లు చేసేది ఖాతాలో ఒక వరుస దిద్దడమే. ఫలానా పది అంకెల నంబరుకు ఎదురుగా ఇప్పటివరకు పాత కార్డు గుర్తింపు ఉంది, ఇక మీదట కొత్త కార్డు గుర్తింపు ఉంటుంది. ఆ దిద్దుబాటు జరిగిన క్షణాన పాత కార్డు, ఒకవేళ బతికే ఉన్నా, నెట్‌వర్కుకు పరాయిది అయిపోతుంది. అందుకే కంపెనీల వాళ్లు దీన్ని సిమ్ మార్పిడి అంటారు, సిమ్ స్వాప్ అని కూడా అంటారు. అర్జీలో “డూప్లికేటు” అని రాసినా వాళ్లకు అర్థమవుతుంది, అందరూ అలాగే రాస్తారు. అయితే పక్కన “ఇదే నంబరుపై సిమ్ మార్పిడి” అని చేర్చడం మంచిది. కొత్త కనెక్షన్ దరఖాస్తుగా పొరపాటు పడే అవకాశం అప్పుడు ఉండదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. రీచార్జి గడువు, మిగిలిన బ్యాలెన్సు, పోస్ట్‌పెయిడ్ బకాయి, ఇవన్నీ ఖాతాలోవి కాబట్టి కొత్త కార్డుకు వాటంతట అవే వస్తాయి. పాత కార్డులోనే దాచుకున్న పేర్లు, మెసేజీలు రావు. వాటిని ఇప్పించమని అర్జీలో రాసి లాభం లేదు, కంపెనీ దగ్గర అవి ఉండవు.

ఖాతాలో ఒక వరుస దిద్దడమే కదా, అంత తతంగం ఎందుకని బాబాయి అడిగారు. అసలు కథంతా అందులోనే ఉంది. ఆ వరుస దిద్దితే నంబరు మారదు, నంబరు ఎవరి చేతిలో ఉందో మారుతుంది. బ్యాంకు ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి. మోసగాడు సేవాకేంద్రానికి వచ్చి చెప్పేదీ మా బాబాయి చెప్పిన మాటే: “నా సిమ్ము పాడైంది, అదే నంబరుతో ఇంకొకటి ఇవ్వండి.” అర్జీ ఒకటే, మనుషులు వేరు. కాబట్టి కౌంటరు అవతల ఉన్నవాళ్లకు కార్డు ఎలా పాడైందన్న కథ అక్కరలేదు, ఈ నంబరు నిజంగా మీదేనా అన్నది కావాలి. బాబాయి రెండో అర్జీలో మొదట ఒక పేరా నిండా మిర్చి సీజను కష్టాలు, రైతుల ఇబ్బందులు రాశారు. నేను అదంతా కొట్టేశాను. ఆయన కొంచెం నొచ్చుకున్నారు.

అయితే అర్జీ రాయడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. పాడైంది సిమ్మేనా? మిర్చి యార్డులో పనిచేసేవాళ్ల ఫోనులో సిమ్ము పెట్టే అర బయటికి లాగితే సన్నటి ఎర్రదుమ్ము ఉంటుంది. ముందు దాన్నే అనుమానించాం. పొడి మెత్తటి గుడ్డతో కార్డు మీది బంగారు రంగు పలక తుడిచి పెట్టాం, మార్పు లేదు. తరువాత బాబాయి సిమ్మును పిన్ని ఫోనులో వేశాం, అక్కడా అదే తీరు. పిన్ని సిమ్మును బాబాయి ఫోనులో వేశాం, చక్కగా పనిచేసింది. రెండు వైపులా మార్చి చూస్తే తప్ప నేరం ఎవరిదో తేలదు. ఒక వైపే చూసి ఊరుకుంటే, ఫోను అర పాడైన పాపానికి మంచి సిమ్మును మార్చుకుంటారు, కొత్త సిమ్ము కూడా పనిచేయక మళ్లీ కేంద్రానికి పరుగెత్తుతారు.

తెర మీద కనిపించే మాట కూడా గమనించాలి. ఇది డబ్బుతో ముడిపడిన విషయం. కార్డు చచ్చిపోతే ఫోను దాన్ని గుర్తించదు, No SIM అనో Invalid SIM అనో చూపిస్తుంది. కార్డు ఉన్నట్లు చూపిస్తూనే No service అని వస్తే, చుట్టుపక్కల అదే కంపెనీ ఫోన్లన్నీ పనిచేస్తుంటే, అది వేరే రోగం. నంబరు గడువు తీరి ఆగిపోయి ఉండవచ్చు. లేదా ఇంకెవరో మీ పేరు చెప్పి ఆ ఖాతా వరుసను తమ కార్డు మీదికి దిద్దించుకుని ఉండవచ్చు. అంతకుముందు “మీ సిమ్ మార్పిడి విజ్ఞప్తి అందింది” అన్న మెసేజీ వచ్చి ఉంటే ఇక సందేహం అక్కరలేదు. అప్పుడు అర్జీ రాస్తూ కూర్చోకూడదు. వేరే ఫోను నుంచి కంపెనీకి చెప్పి నంబరు ఆపించాలి, బ్యాంకుకు చెప్పాలి, డబ్బు పోయి ఉంటే 1930కి ఫోను చేయాలి.

ఇంకో పాక్షిక మరణం ఉంది. సిమ్ముకు పిన్ పెట్టుకున్నవాళ్లు దాన్ని మూడుసార్లు తప్పు కొడితే కార్డు తాళం పడి, పీయూకే అనే తాళం తీసే సంఖ్యను అడుగుతుంది. అది కార్డు పాడవడం కాదు. కంపెనీని అడిగితే ఆ సంఖ్య చెబుతారు. తొందరపడి ఊహించి కొడుతూ పోతే పదోసారి తప్పుతో కార్డు శాశ్వతంగా మూతపడుతుంది, అప్పుడు మార్పిడే గతి.

కార్డులు ఎందుకు పాడవుతాయన్నది క్లుప్తంగా చెబుతాను. ఫోను ఎక్కడ ఉందన్న వివరాన్ని సిమ్ము తన జ్ఞాపకంలో మళ్లీ మళ్లీ రాసుకుంటూ ఉంటుంది, ఆ జ్ఞాపకానికి ఎన్నిసార్లు రాయవచ్చన్న హద్దు ఉంది. తీస్తూ పెడుతూ ఉంటే పలక అరుగుతుంది. పెద్ద కార్డును చిన్న అరకు సరిపోయేలా దుకాణంలో కత్తిరించి ఉంటే చిప్పు అంచు దెబ్బతిని ఉండవచ్చు. బాబాయి నంబరు 2008 నాటిదే అయినా కార్డు 4జీ వచ్చినప్పుడు మార్చుకున్నది. అంటే అదీ ముసలిదే.

ఇప్పుడు అసలు చిక్కు. బాబాయి రెండోసారి వెళ్లినప్పుడు పోలీసు కాగితం ఎవరూ అడగలేదు. ఆధార్ అడిగారు, ఫొటో తీశారు, తరువాత ఆ అమ్మాయి తెర వైపు చూసి, “పేరు కలవడం లేదు సార్” అంది.

2008లో సిమ్ము కొన్నప్పుడు బాబాయి ఇచ్చింది రేషన్ కార్డు జిరాక్సు. దుకాణదారుడు దరఖాస్తు నింపుతూ ఇంటిపేరును పొడి అక్షరంగా రాసి, అసలు పేరులో చివరి ‘రావు’ ఎగరగొట్టాడు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ‘రావు’ విడిగా ఉంది. మనం చూస్తే ఇద్దరూ ఒకరే అని చటుక్కున తెలుస్తుంది. కంప్యూటరుకు ఆ తెలివి లేదు, కౌంటరులో ఉన్న మనిషికి తెలివి ఉన్నా ఆ బాధ్యత నెత్తిన వేసుకునే అధికారం లేదు. ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా, పూర్తిగానా పొడిగానా అన్న మన అలవాటు ఏ రెండు కాగితాల్లోనూ ఒకలా ఉండదు. ఈ రాష్ట్రంలో సిమ్ మార్పిడి దగ్గర ఆగిపోయేవాళ్లలో సగం మంది ఇక్కడే ఆగుతారని నా అనుమానం.

నిజానికి అర్జీ పనికొచ్చేది ఇలాంటి చోటే. రికార్డు, మనిషి కలిసిపోతే ఈ రోజుల్లో అర్జీ అవసరమే ఉండదు. 2024 జనవరి 1 నుంచి కాగితాల మీద గుర్తింపు తనిఖీ ఆగిపోయి, అంతా ఎలక్ట్రానిక్ పద్ధతిలోకి వచ్చింది. ఆధార్ చూపిస్తే, ఫొటో దిగితే పని అయిపోతుంది. రికార్డుకూ మనిషికీ మధ్య సందు ఉన్నప్పుడు ఆ సందును పూడ్చేది రాతపూర్వకమైన విన్నపమే. కౌంటరు మనిషి దాన్ని తన పై అధికారికి చూపించి అనుమతి తీసుకోగలగాలి. అంటే అర్జీ చదివేది మీ ముఖం చూడని మనిషి. ఆ మనిషిని దృష్టిలో పెట్టుకుని మూడోసారి మేము రాసింది ఇది. పేర్లు, అంకెలు ఉన్నచోట చుక్కలు పెట్టాను.

గుంటూరు,
తేదీ: ........

సేవాకేంద్రం మేనేజర్ గారికి,

విషయం: పాడైన సిమ్ముకు బదులు అదే నంబరుపై కొత్త సిమ్ము (సిమ్ మార్పిడి) కోసం, రికార్డులో పేరు తేడా గురించి వివరణతో.

అయ్యా,

నా ప్రీపెయిడ్ నంబరు ........ . ఇది 2008 నుంచి నా పేరుతో, నా వాడుకలో ఉంది. ఈ నంబరు సిమ్ము ........ తేదీ ఉదయం నుంచి పనిచేయడం లేదు. వేరే ఫోనులో వేసి చూసినా ఫోను దాన్ని గుర్తించడం లేదు. నా ఫోనులో వేరే సిమ్ము పనిచేస్తోంది. కార్డు పోగొట్టుకోలేదు, నా వద్దనే ఉంది. కార్డు వెనుక ముద్రించిన సంఖ్య 8991........ . దానిని ఈ అర్జీతో అప్పగిస్తున్నాను.

మీ రికార్డులో నా పేరు ‘........’ అని, ఆధార్‌లో ‘........’ అని ఉంది. రెండూ నావే. రికార్డులో ఉన్న రూపంలోనే నా పేరు నా ఓటరు గుర్తింపు కార్డులో ఉంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ రెండింటిలోనూ ఒకటే. రెండు అసలు కార్డులూ పరిశీలనకు తెచ్చాను.

ఈ నంబరుకు చివరి రీచార్జి ........ తేదీన, ........ రూపాయలకు చేశాను.

కనుక ఇదే నంబరుపై కొత్త సిమ్ము ఇచ్చి, రికార్డులో పేరును ఆధార్ ప్రకారం సరిచేయగలరు. అవసరమైతే సంప్రదించడానికి మా ఇంటి రెండో నంబరు: ........ .

ఇట్లు,
సంతకం

ఇందులో ప్రతి వాక్యం ఏదో ఒక ప్రశ్నకు ముందే చెప్పిన జవాబు. “పోగొట్టుకోలేదు” అన్నది పోలీసు కాగితం ప్రశ్నకు. చివరి రీచార్జి తేదీ, మొత్తం ఎందుకంటే, మీ ఆధార్ జిరాక్సు సంపాదించిన మోసగాడికి కూడా అది తెలిసే అవకాశం తక్కువ. ఓటరు కార్డు పాత రూపంలో పేరును మోస్తోంది కాబట్టి అది రికార్డుకూ ఆధార్‌కూ మధ్య వంతెన. ఇలాంటి వంతెన కార్డు ప్రతి ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది, పాత డ్రైవింగ్ లైసెన్సో, పాన్ కార్డో వెతకాలి. రెండో నంబరు రాయడం చాలామంది మరిచిపోతారు. పాడైన నంబరునే సంప్రదింపు నంబరుగా ఇచ్చిన అర్జీలు చూశామని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

కార్డు వెనుక సంఖ్య 19 లేదా 20 అంకెలు ఉంటుంది. మొదటి 89 టెలికాం కార్డు అని, తరువాతి 91 మన దేశం అని చెబుతాయి. చివరన ఉండేది లెక్కలో తప్పు పట్టే అంకె. మధ్యలో 8ని 3గా చదివితే ఈ అంకె కలవక సిస్టం వెనక్కి కొడుతుంది. చీమతలంత అక్షరాలు, బాబాయికి భూతద్దంతో కూడా ఆనలేదు. ఫోను కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి చదివాం. కార్డు మీది అచ్చు చెరిగిపోతే ఆ వాక్యం వదిలేయవచ్చు. ఊహించి రాయడం కన్నా రాయకపోవడమే మేలు. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఎవరైనా ఫోను చేసి, “మీ సిమ్ము ఆగిపోబోతోంది, మేం చెప్పే 20 అంకెల సంఖ్యను మెసేజీ చేయండి” అంటే, ఆ సంఖ్య వాళ్ల చేతిలో ఉన్న ఖాళీ కార్డుది. మీరు పంపే మెసేజీయే మీ నంబరును వాళ్ల కార్డుకు రాసిచ్చే అర్జీ అవుతుంది.

ఆధార్ జిరాక్సు ఇవ్వవలసి వస్తే, దాని మీద అడ్డంగా “సిమ్ మార్పిడి కోసం మాత్రమే” అని, నంబరు, తేదీ రాసి సంతకం చేయాలి. మొదటి 8 అంకెలు కనిపించని ఆధార్ ప్రతిని కూడా ఆధార్ సంస్థ ఇస్తుంది, జిరాక్సుగా అదే ఇవ్వడం మంచిది. వేలిముద్ర విషయంలోనూ జాగ్రత్త అవసరం. “పడలేదు, ఇంకోసారి పెట్టండి” అని చిల్లర దుకాణాల్లో రెండోసారి పెట్టించుకున్న వేలిముద్రతో ఇంకో కొత్త కనెక్షన్ తీసిన మోసాలు దేశంలో జరిగాయి. పని అయ్యాక sancharsaathi.gov.in లో మీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసుకోవచ్చు. మీకు తెలియని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

అర్జీ పనిచేయని సందర్భాలు చెప్పాలి. నంబరు మీ పేరు మీద లేకపోతే ఎంత చక్కగా రాసినా లాభం లేదు. అన్నయ్య పేరు మీద సిమ్ము తీసుకుని మీరు వాడుతుంటే అన్నయ్యే రావాలి. కొట్టు పేరు మీద తీసుకున్న నంబరైతే, సంతకం పెట్టే అధికారం ఉన్న యజమాని కొట్టు లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వాలి, గుమాస్తా సంతకం చెల్లదు. తండ్రి పేరు మీద ఉండి ఆయన కాలం చేసి ఉంటే అది సిమ్ మార్పిడి వ్యవహారమే కాదు. ముందు మరణ ధ్రువపత్రంతో వారసుల పేరు మీదికి కనెక్షన్ మార్చుకోవాలి. “నాన్నగారి వేలిముద్ర లేదు కానీ ఆయన సంతకం చేస్తా” అనుకునేవాళ్లు ఉంటారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మోసంతో సిమ్ము సంపాదించడానికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉంది.

సాగదీయడం కూడా ప్రమాదమే. ప్రీపెయిడ్ నంబరు నుంచి 90 రోజుల పాటు కాల్ రాక, పోక, మెసేజీ, డేటా ఏదీ లేకపోతే, బ్యాలెన్సు 20 రూపాయలైనా లేకుంటే కంపెనీ ఆ నంబరును రద్దు చేయవచ్చు. పాడైన కార్డు ఇవేవీ చేయలేదు కనుక, అది చచ్చిపోయిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. సీజను అయ్యాక చూసుకుందామని సొరుగులో పడేస్తే సిమ్ముతో పాటు నంబరూ పోతుంది. ఈసారి ‘పోతుంది’కి రెండర్థాలు లేవు.

బాబాయికి గురువారం ఉదయం 11 గంటలకు పై అధికారి అనుమతి వచ్చింది. పాత కార్డు తీసుకుని, కొత్తది చేతిలో పెట్టారు. మధ్యాహ్నం రెండు గంటలకు సిగ్నలు వచ్చింది. మూడు గంటలకు ఆయన నాకు ఫోను చేసి, “ఇదీ పాడైనదే ఇచ్చినట్లున్నారు” అన్నారు. కాల్స్ వస్తున్నాయి, ఇంటర్నెట్ వస్తోంది, డబ్బు పంపే యాప్ మాత్రం తెరుచుకోవడం లేదు, ఒక్క మెసేజీ రావడం లేదు.

కార్డుకు ఏమీ కాలేదు. సిమ్ మార్పిడి జరిగిన తరువాత 24 గంటల పాటు ఆ నంబరుకు మెసేజీల రాకపోకలు ఆపాలని టెలికాం శాఖ 2022లో కంపెనీలను ఆదేశించింది. ఒకవేళ మార్పిడి చేయించుకున్నది మోసగాడైతే, అసలు యజమాని మేలుకుని అడ్డుపడడానికి ఆ ఒక్క రోజు వ్యవధి. ఈ లోపల ఓటీపీలు రావు. యూపీఐ యాప్‌లు సిమ్ము మారినట్లు గుర్తించి, మీ ఫోను నుంచి బ్యాంకుకు ఒక మెసేజీ పంపి మళ్లీ నమోదు చేసుకోవాలని చూస్తాయి. మెసేజీ బయటికి పోదు కాబట్టి నమోదు జరగదు. మళ్లీ మళ్లీ నొక్కితే యాప్ కాసేపు తాళం వేసుకుంటుంది. కాల్స్, డేటా ఉండి మెసేజీలు మాత్రమే లేకపోతే అది ఈ 24 గంటల గండమే, వేచి చూడాలి. బాబాయి వాట్సాప్ మాత్రం మామూలుగానే పనిచేసింది. యార్డులో చెల్లింపులు ఉన్న గురువారం కాకుండా శనివారం సాయంత్రం మార్పిడి చేయించుకుని ఉంటే బాబాయికి ఈ హైరానా తప్పేది. అది నాకు ముందు తట్టలేదు.

ఇలాంటిదే ఇంకో కట్టడి ఉంది. సిమ్ మార్చిన ఏడు రోజుల లోపల నంబరును వేరే కంపెనీకి మార్చుకోవడం కుదరదు. 2024 జూలై 1 నుంచి అది నియమం. కోపంతో “మీ కంపెనీయే వద్దు” అనాలనుకునేవాళ్లు వారం ఆగాలి.

అర్జీ ఇచ్చినప్పుడు రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్లు సంతకం, ముద్ర వేయించుకోవాలి. కాదన్నా, జాప్యం చేసినా కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. వాళ్ల గడువు దాటినా పని కాకపోతే 30 రోజుల లోపు అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయవచ్చు, 39 రోజుల్లో ఆయన తేల్చాలి. ముద్ర ఉన్న ప్రతి లేకుండా ఆ దారిలో మీరు చెప్పేది మీ మాటగానే మిగులుతుంది. మాకు అంతదూరం వెళ్లవలసిన పని పడలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి మెసేజీలు వచ్చాయి, యాప్ తెరుచుకుంది, రికార్డులో పేరు కూడా ఆధార్ ప్రకారం మారింది. పోయినవి పాత కార్డులో దాచుకున్న పేర్లు. పాత కార్డులో రెండు వందల పైచిలుకు రైతులు ఉండేవారు. వారం రోజులుగా బాబాయి ఫోను మోగినప్పుడల్లా తెర మీద వట్టి అంకెలు కనిపిస్తున్నాయి. ఆయన ఎత్తి, కాసేపు మాట సాగనిచ్చి, గొంతును బట్టి మనిషిని పోల్చుకుని, ఫోను పెట్టేశాక ఆ పేరును కొట్టు చిట్టా పుస్తకం చివరి పేజీలో రాసుకుంటున్నారు.